ఫ్యామిలీ ప్లాన్: అత్తయ్యగారు చేరిపోయారు, మరిదికి మాత్రం "అడ్రస్ సరిపోలడం లేదు"

రవళి_కె

నమస్తే అందరికీ. మేం వాడే మ్యూజిక్ యాప్‌లో ఇన్నాళ్లూ నేనూ మావారూ డ్యుయో ప్లాన్‌లో ఉన్నాం. అత్తయ్యగారూ, మా మరిదీ కూడా పాటలు బాగా వింటారు కాబట్టి ఈమధ్యే ఫ్యామిలీ ప్లాన్‌కి మారాం. ప్లాన్ నా అకౌంట్ మీద ఉంది, డబ్బులు నా కార్డు నుంచే వెళ్తాయి.

అత్తయ్యగారిని కలపడం చిటికెలో అయిపోయింది. ఆవిడ ఫోన్‌లో లింక్ తెరిచి అంతా నేనే చేశాను. మరిది దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. లింక్ నొక్కి అడ్రస్ కొడితే ప్లాన్ మేనేజర్ అడ్రస్‌తో సరిపోలడం లేదంటోంది. మేం నలుగురం ఉండేది ఒకే ఇంట్లో. వైఫై కూడా ఒకటే. అడ్రస్ ఎన్ని రకాలుగా కొట్టినా అదే మాట. ఇప్పుడైతే కాసేపాగి ప్రయత్నించండి అంటోంది. ఎవరికైనా ఇలా అయ్యిందా?

కిరణ్_బీట్స్

వైఫై ఒకటే అయితే చాలు అక్కా, అడ్రస్ అంతా ఫార్మాలిటీ. మీ మరిది మొబైల్ డేటాలో ఉండి ఉంటాడు. డేటా ఆపేసి ఇంటి వైఫైకి కలిపి మళ్లీ లింక్ తెరవమనండి, పని అయిపోతుంది.

సుబ్బారావు_మాస్టారు

అమ్మా, దీనికి అసలు అందర్నీ కలపడం దేనికి? మా ఇంట్లో అబ్బాయి పాస్‌వర్డ్ ఒకటే, అందరం అదే పెట్టుకుని సినిమాలు చూస్తాం. అయితే ఈమధ్య మా చెల్లెలి ఇంట్లో టీవీలో పెడితే "ఈ టీవీ మీ హౌస్‌హోల్డ్‌లో లేదు" అని వస్తోంది. మీదీ ఇదే సమస్య అనుకుంటా.

పాతరేడియో

మాస్టారూ, మీరు చెబుతున్నది వేరే సంగతి. వీడియో సేవల్లో అకౌంట్ ఒకటే ఉంటుంది, దాన్ని ఎన్ని ఇళ్లలో వాడుతున్నారన్నది చూస్తారు. నెట్‌ఫ్లిక్స్ సంగతే తీసుకోండి. 2023లో పాస్‌వర్డ్ పంచుకోవడాన్ని గట్టిగా కట్టడి చేసినప్పటి నుంచి మీ టీవీ ఏ ఇంటర్నెట్ కనెక్షన్ మీద నడుస్తోందో దాన్నే ఇల్లుగా లెక్కేస్తుంది. అక్కడ అడ్రస్ అడగరు, ఐపీ అడ్రసూ పరికరం గుర్తింపూ చూస్తారు.

రవళి గారిది మ్యూజిక్ ప్లాన్. ఇందులో ఎవరి అకౌంట్ వాళ్లదే, ఎవరి ప్లేలిస్టులు వాళ్లవే, బిల్లు మాత్రం ఒకటి. అందుకని చేరే ప్రతి మనిషీ "నేనూ ఆ ఇంట్లోనే ఉంటున్నాను" అని విడిగా చెప్పాలి. చాలా సేవల్లో చేరేటప్పుడు అడ్రస్ కొట్టించేది అందుకే.

కిరణ్ గారు చెప్పిన వైఫై మాట పూర్తిగా తప్పేమీ కాదు. తర్వాత ఎప్పుడైనా మళ్లీ చెక్ చేస్తే కనెక్షన్ కూడా లెక్కలోకి రావచ్చు. కానీ చేరే గుమ్మం దగ్గర అడ్డుపడేది ఎక్కువగా అడ్రసే. ఒకే వైఫైలో కూర్చుని ఇద్దరు రెండు అడ్రస్‌లు కొడితే ఆ పేజీ ఒప్పుకోదు.

నేను ఇలాంటి ఒక సబ్‌స్క్రిప్షన్ సేవకి కస్టమర్ సపోర్ట్‌లో కొన్నేళ్లు పనిచేశాను. రవళి గారూ, ఒక్కటి చూసి చెప్పండి. మీ అకౌంట్‌లో ఫ్యామిలీ ప్లాన్ పేజీ తెరిస్తే అక్కడ ప్లాన్ అడ్రస్ ఏముంది? బిల్లింగ్ అడ్రస్ కాదు, ప్లాన్ అడ్రస్. ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒకటి మార్చినంత మాత్రాన రెండోది మారదు.

చిన్నక్షరాలు

అసలు ముందు ఎవరిని కలపవచ్చో చూడాలి కదా. ఫ్యామిలీ అన్నారు కాబట్టి రక్తసంబంధమో పెళ్లి సంబంధమో ఉండాలేమో. మరిది అంటే ఒప్పుకుంటారా?

పాతరేడియో

ఒప్పుకుంటారు. కానీ బంధుత్వం ఒక్కటే చాలదు. స్పాటిఫై ఫ్యామిలీ షరతుల్లో కుటుంబ సభ్యులై ఉండాలి, అందరూ ఒకే అడ్రస్‌లో నివసించాలి అని ఉంటుంది. డ్యుయో అయితే ఇద్దరు, ఫ్యామిలీ అయితే మేనేజర్‌తో కలిపి ఆరుగురు. డ్యుయోకైతే బంధుత్వం అక్కర్లేదు, ఒకే గది పంచుకునే ఇద్దరు స్నేహితులు నిక్షేపంగా తీసుకోవచ్చు. అదే వేరే ఊళ్లో ఉన్న సొంత తమ్ముణ్ని కలపడానికి వీల్లేదు. పేరు ఫ్యామిలీ ప్లాన్, కానీ గుమ్మం కూడా ఒకటే కావాలి. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ సపోర్ట్‌లో ఉన్నప్పుడు మమ్మల్ని బాగా ఏడిపించారు. ఇంటి పేరు ఒకటే కదా, ఎందుకు తీసుకోరంటూ పోట్లాడేవాళ్లు.

యూట్యూబ్ ప్రీమియం ఫ్యామిలీ కూడా దాదాపు ఇంతే. మేనేజర్, ఇంకో ఐదుగురు, అందరూ ఒకే ఇంట్లో. తేడా ఏంటంటే అది గూగుల్ ఫ్యామిలీ గ్రూప్ మీద నడుస్తుంది, అందుకే ఒక గూగుల్ అకౌంట్ ఒక్క గ్రూప్‌లోనే ఉండగలదు. ఆపిల్ ఫ్యామిలీ షేరింగ్‌లోనూ ఆరుగురే, కానీ అక్కడ ఇలా ఇంటి అడ్రస్ కొట్టించి సరిచూసే తంతు లేదు.

ఇంకో షరతు చాలామంది పట్టించుకోరు. సభ్యుల అకౌంట్‌లో నమోదైన దేశం, మేనేజర్ అకౌంట్ దేశం ఒకటే అయ్యుండాలి. చదువుకో ఉద్యోగానికో బయటి దేశం వెళ్లి అక్కడ అకౌంట్ తెరిచి, తిరిగొచ్చాక దేశం మార్చుకోని వాళ్లకి ఇది అడ్డుపడుతుంది. అలాంటప్పుడు అడ్రస్ అక్షరం పొల్లు పోకుండా కొట్టినా లాభం లేదు.

రవళి_కె

చూశానండీ. ప్లాన్ అడ్రస్‌లో మేం అంతకుముందు అద్దెకున్న ఇల్లు ఉంది! బిల్లింగ్‌లో కొత్త ఇల్లే ఉంది, అది నేనే మార్చాను. అయితే అత్తయ్యగారు ఎలా చేరగలిగారు? ఆవిడ కూడా కొత్త ఇంట్లోనే ఉన్నారు కదా, చేర్చింది కూడా ఇక్కడి నుంచే.

పాతరేడియో

ఆ విషయం మీ మొదటి పోస్ట్‌లోనే ఉంది. ఆవిడ ఫోన్‌లో మీరే చేశానన్నారు. అడ్రస్ మొత్తం చేత్తో కొట్టారా, లేక పెట్టె మీద వేలు పెట్టగానే కింద సూచన వస్తే దాన్ని నొక్కారా?

రవళి_కె

సూచనే నొక్కాను. ఆ ఫోన్ ఒకప్పుడు నాదే. ఇప్పుడే తెరిచి చూశాను, అందులో సేవ్ అయ్యున్నది పాత ఇంటి అడ్రసే. అదన్నమాట!

పాతరేడియో

అంతే. ఆవిడ పాత అడ్రస్ చెప్పారు, ప్లాన్‌లోనూ పాతదే ఉంది, కలిసిపోయింది. మీ మరిది ఇప్పుడుంటున్న ఇంటి అడ్రస్ కొట్టారు, కుదరలేదు. నిజం చెప్పినవాడికి తలుపు మూసుకుంది.

ఈ పేజీకి మీరు ఎక్కడున్నారో తెలుసుకునే దివ్యదృష్టి ఏమీ లేదు. మేనేజర్ ఇచ్చిన అడ్రస్‌తో మీరిచ్చింది పోల్చుకోవడమే దాని పని. కాబట్టి ఇలాంటప్పుడు ఎవరు చేరారో, ఎవరు చేరలేకపోయారో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు చేరి ఇంకొకరికి కుదరలేదంటే, ఇద్దరూ కొట్టినదాంట్లో తేడా ఉందని ముందు అనుమానించాలి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ప్లాన్ పేజీలో మేనేజర్‌గా మీరు అడ్రస్ మార్చండి. కొడుతున్నప్పుడు కింద మ్యాప్ నుంచి సూచనలు వస్తే వాటిలోంచే ఎంచుకోండి. ఫ్లాట్ నంబర్‌కి వేరే గడి ఉంటే అందులోనే వేయండి, వీధి పేరుతో కలిపేయకండి. సేవ్ చేశాక ఆ పేజీలో ఎలా కనిపిస్తోందో అలాగే, కామాలతో సహా, కాపీ చేసి మీ మరిదికి పంపండి. ఆయన సొంతంగా కొట్టకుండా దాన్నే వాడాలి. మనిషి కళ్లకి ఒకేలా కనిపించే రెండు అడ్రస్‌లు ఆ పోలికలో వేరుగా తేలొచ్చు. ఒకరు అపార్ట్‌మెంట్ పేరు ముందు రాస్తారు, ఇంకొకరు వెనక రాస్తారు. ఒకరు రోడ్డు పేరు పొడి అక్షరాల్లో రాస్తే ఇంకొకరు పూర్తిగా రాస్తారు. సపోర్ట్‌కి వచ్చే అడ్రస్ ఫిర్యాదుల్లో ఇలాంటివి చాలా చూశాను.

అడ్రస్ మార్చాక మీ వారినీ అత్తయ్యగారినీ కూడా మళ్లీ నిర్ధారించమని అడిగితే కంగారుపడకండి. అదే అడ్రస్ వాళ్లకీ పంపి ఉంచండి. అత్తయ్యగారి ఫోన్‌లో ఆ పాత సూచన తీసేయడం మర్చిపోకండి, లేకపోతే ఈసారి ఆవిడ బయటుంటారు.

మౌనిక_ఎస్

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. ఇలా ఒకే ప్లాన్‌లో ఉంటే మేనేజర్‌కి మనం ఏం వింటున్నామో కనిపిస్తుందా? మా అన్నయ్య ప్లాన్‌లో చేరమంటున్నాడు. నా ప్లేలిస్టులు చూస్తే జీవితాంతం ఆటపట్టిస్తాడు.

చిన్నక్షరాలు

కనిపించవు మౌనికా. మేనేజర్‌కి ప్లాన్‌లో ఎవరున్నారో తెలుస్తుంది, కావాలంటే తీసేయగలడు. స్పాటిఫై ఫ్యామిలీలో అయితే అసభ్య పదాలున్న పాటలు సభ్యులకి రాకుండా ఆపే మీట కూడా మేనేజర్ చేతిలో ఉంటుంది. ఏం విన్నావో చూసే దారి మాత్రం ప్లాన్‌లో లేదు. నువ్వే ప్లేలిస్ట్ పబ్లిక్‌గా పెట్టుకుంటే వేరే సంగతి, అప్పుడు అన్నయ్యేంటి, ఎవరైనా చూస్తారు.

రవళి_కె

అడ్రస్ మార్చాను. మావారికి నిర్ధారించమని వచ్చింది, అయిపోయింది. అత్తయ్యగారిదీ సరే. మరిది ఈసారి లాప్‌టాప్‌లో లింక్ తెరిచాడు. అడ్రస్ అడక్కుండానే "మీరు ఇప్పటికే ఈ ప్లాన్‌లో ఉన్నారు" అంటోంది. లేడు కదా! నా పేజీలో ఇప్పటికీ ముగ్గురమే కనిపిస్తున్నాం.

కిరణ్_బీట్స్

ఇది సర్వర్ గోల అక్కా. మీవారినీ అత్తయ్యగారినీ అందర్నీ తీసేసి మొదట్నుంచి కలపండి, రిఫ్రెష్ అవుతుంది. నేను అలాగే చేశా ఒకసారి.

పాతరేడియో

వద్దు వద్దు, అందర్నీ తీసేయకండి. కారణం కాసేపట్లో చెబుతాను. ముందు ఆ లాప్‌టాప్ ఎవరిది?

రవళి_కె

మావారిది.

పాతరేడియో

అయితే ఆ బ్రౌజర్‌లో మీ వారి అకౌంటే లాగిన్ అయ్యుంది. లింక్ నొక్కిన మనిషి ఎవరో ఆ పేజీకి తెలియదు, లాగిన్ అయ్యున్న అకౌంట్ ఏదో అదే చూస్తుంది. మీ వారు ప్లాన్‌లో ఉన్నారు కాబట్టి అది చెప్పింది నిజమే. కొత్త ప్రైవేట్ విండో తెరిచి, లింక్ అందులో అతికించి, మీ మరిది తన అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి.

లాగిన్ అయ్యాక పేజీ మూలన కనిపించే పేరూ ఈమెయిలూ ఒకసారి చూసుకోమనండి. ఒకే మనిషికి ఈమెయిల్‌తో ఒక అకౌంట్, ఫేస్‌బుక్‌తో ఇంకోటి ఉండడం మామూలే. ఫోన్‌లో వాడేది ఒకటి, ప్లాన్‌లో చేరేది ఇంకోటి అవుతుంది. అప్పుడు మేనేజర్ పేజీలో ఆయన పేరు కనిపిస్తుంది, ఆయన ఫోన్‌లో మాత్రం ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఆ లక్షణం కనిపిస్తే ఫోన్‌లో ఏ అకౌంట్ ఉందో చూడటమే పని.

ఇక అందర్నీ తీసేసి కలపడం గురించి. ఒక ఫ్యామిలీ ప్లాన్ నుంచి ఇంకో దాంట్లోకి 12 నెలల్లో ఒక్కసారే మారనిస్తారు. స్పాటిఫైలో ఉంది, గూగుల్ ఫ్యామిలీ గ్రూపులకీ ఇలాంటిదే ఉంది. అదే ప్లాన్‌లోకి తిరిగి రావడాన్ని ఏ సేవ ఎలా లెక్కేస్తుందో ఒకేలా ఉండదు. కిరణ్ గారికి పని జరిగి ఉండొచ్చు. కానీ హాయిగా ఉన్న అత్తయ్యగారిని దించి మళ్లీ ఎక్కించే ప్రయోగం ఎందుకు?

నిత్య_హాస్టల్

నాదొక సందేహం. మా ఇంటి వీడియో ప్లాన్‌లో నేనూ ఉన్నాను, చేరినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు హాస్టల్‌లో ఉంటున్నాను, సెలవులకి ఇంటికి వెళ్తాను. ఇప్పటివరకు బాగానే నడిచింది. కానీ ఈమధ్యే "మీరు మేనేజర్‌తో ఒకే ఇంట్లో లేనట్టుంది" అని మెయిల్ వచ్చింది. అడ్రస్ ఒక్కసారి కొట్టేశాక మళ్లీ అడగరు అనుకున్నా.

పాతరేడియో

అడుగుతారు. చేరేటప్పటి చెక్ వేరు, ఆ తర్వాతి చెక్ వేరు. యూట్యూబ్ అయితే 30 రోజులకోసారి సభ్యుల దగ్గర ఎలక్ట్రానిక్‌గా చెక్ చేసుకుంటామని తన సహాయ పేజీలోనే రాసింది. మీరేమీ నొక్కక్కర్లేదు, వెనకాల జరిగిపోతుంది. సంస్థలు దాని లోపలి లెక్క బయటపెట్టవు, పెడితే జనం తప్పించుకుంటారు కదా.

స్పాటిఫై కూడా షరతుల్లో మళ్లీ నిర్ధారించమని అడిగే హక్కు ఉంచుకుంది. 2018లో కొంతమంది ఫ్యామిలీ సభ్యులకి జీపీఎస్ ద్వారా ఇంటి చోటు నిర్ధారించమని మెయిళ్లు పంపింది. మా ఇంట్లో ఎవరెక్కడుంటే మీకెందుకు అని గొడవయ్యేసరికి ఆ ప్రయోగం ఆపేసింది.

ఐపీని బట్టి చోటు కనిపెట్టడంలో ఒక లోపం ఉంది. మొబైల్ డేటాలో మీ ట్రాఫిక్ ఆపరేటర్ గేట్‌వే నుంచి బయటికొస్తుంది. ఆ గేట్‌వే ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు, ఇంట్లో మంచం మీద కూర్చున్నా మీరు వేరే ఊళ్లో ఉన్నట్టు కనిపిస్తారు. వీపీఎన్ పెట్టుకుంటే చెప్పక్కర్లేదు, దేశమే మారిపోవచ్చు. కాబట్టి ఇంట్లోనే ఉన్నవాళ్లకి కూడా పొరపాటున ఇలాంటి హెచ్చరిక రావచ్చు. అలాంటివాళ్లు వీపీఎన్ ఆపి, కొన్నాళ్లు ఇంటి వైఫై మీద వాడి, అప్పటికీ తగ్గకపోతే సపోర్ట్‌కి రాయాలి.

మీ విషయంలో మాత్రం ఆ మెయిల్ పొరపాటున రాలేదు నిత్యా.

నిత్య_హాస్టల్

చదువు అయ్యాక ఇంటికే వస్తాను కదా. నా పర్మనెంట్ అడ్రస్ అదే. ధ్రువపత్రాలన్నిటిలో అదే ఉంది.

చిన్నక్షరాలు

ఇక్కడ నేను నిత్య వైపు. షరతుల్లో "నివసించడం" అని రాశారు గానీ ఎన్ని రోజులు బయటుంటే నివసించనట్టో రాయలేదు. పడవ మీద పనిచేసేవాడు ఆరు నెలలు ఇంటికి రాడు, వాడి ఇల్లు ఏది?

పాతరేడియో

వాదన బాగుంది, సపోర్ట్‌లో నాకూ చాలామంది ఇదే చెప్పారు. కొందరికి ఒప్పుకున్నాం, కొందరికి ఒప్పుకోలేదు. సెలవులకి వెళ్లేవాళ్ల గురించి రాతపూర్వకంగా గట్టి గీత లేనప్పుడు ఎదుటి మనిషి నిర్ణయం మీద ఉంటుంది. నా మటుకు నేను హాస్టల్‌లో ఏడాదంతా ఉండేవాళ్లు విద్యార్థి ప్లాన్ తీసుకోవడమే నయమంటాను, అది చాలా సేవల్లో ఉంది, దానికి కావాల్సింది కాలేజీ నిర్ధారణ. కానీ మీరు నాతో ఏకీభవించక్కర్లేదు.

సుబ్బారావు_మాస్టారు

మరి మా చెల్లెలి ఇంట్లో టీవీ సంగతి?

పాతరేడియో

మాస్టారూ, మీరు అక్కడికి కొన్నాళ్లకి వెళ్లి మీరే చూస్తుంటే, ప్రయాణంలో ఉన్నానని ఎంచుకుని తాత్కాలిక కోడ్ తెప్పించుకోవచ్చు. అది అబ్బాయి ఈమెయిల్‌కో ఫోన్‌కో వస్తుంది, 15 నిమిషాల్లో వాడేయాలి. చెల్లెలుగారే రోజూ చూస్తుంటే ఆ ఇంటికి వేరే అకౌంట్ కావాలి.

రవళి_కె

ప్రైవేట్ విండో పనిచేసింది. అకౌంట్ సరైనదే, అడ్రస్ ఒప్పుకుంది. కానీ చివర్లో "ఇటీవలే వేరే ప్లాన్‌లో ఉన్నారు, ఇప్పుడు చేరలేరు" అంటోంది. అడిగితే ఇప్పుడు నోరు విప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫ్లాట్‌లో కలిసున్న స్నేహితుడి ప్లాన్ వదిలేసి, ఇంకో ఫ్రెండ్ ప్లాన్‌లోకి మారాడట. అదీ ఎనిమిది నెలల కిందటే.

పాతరేడియో

అదిగో, ఇందాక చెప్పిన 12 నెలల గీత. దీన్ని సపోర్ట్‌లో ఉన్నవాళ్లు కూడా మామూలుగా ఎత్తేయలేరు. ఇంకో నాలుగు నెలలు ఆగడమో, అప్పటిదాకా ఉచిత వెర్షన్‌లోనో సొంత ప్లాన్‌లోనో ఉండడమో. ప్లాన్ లేకపోయినా ఆయన ప్లేలిస్టులు ఎక్కడికీ పోవు, అకౌంట్‌లోనే ఉంటాయి. ఒకవేళ సొంత ప్లాన్ తీసుకుంటే మొబైల్ ఆపరేటర్ ద్వారా తీసుకోవద్దనండి. అలా వేరే కంపెనీ బిల్లులో ఉన్న ప్లాన్‌ని ముందు ఆ కంపెనీ దగ్గరే రద్దు చేసుకుంటే గానీ ఫ్యామిలీలోకి రానివ్వకపోవచ్చు.

కిరణ్_బీట్స్

కొత్త ఈమెయిల్‌తో కొత్త అకౌంట్ తెరిస్తే సరిపోతుందిగా? దానికి ఈ 12 నెలలు ఉండవు.

చిన్నక్షరాలు

ఉండవు, కానీ ఇన్నేళ్లు లైక్ చేసుకున్న పాటలన్నీ పాత అకౌంట్‌లో ఉండిపోతాయి. ప్లేలిస్టులైతే పబ్లిక్ చేసి కొత్త దాంట్లోంచి తెచ్చుకోవచ్చు. ఏం వింటాడో నేర్చుకుని వచ్చే సూచనలు మళ్లీ మొదటికొస్తాయి.

పాతరేడియో

నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్న మనిషి కాబట్టి అందులో దొంగతనం ఏమీ లేదని నాకనిపిస్తుంది. గీత దాటించడానికే రెండో అకౌంట్ తెరిచారని ఏ సంస్థ అయినా అంటే మాత్రం నేను వాదించలేను.

రవళి_కె

అడిగాను. లైక్ చేసిన పాటలు వదులుకోడట, నాలుగు నెలలు ప్రకటనలు వింటాడట. ఆ ఖాళీ చోటులో మా ఆడపడుచుని కలపమంటున్నారు అత్తయ్యగారు. వాళ్ల ఇల్లు మా పై అంతస్తే, ఫ్లాట్ నంబర్ వేరు, వైఫై మాదే పట్టుకుంటుంది. ఇది ఒకే అడ్రస్ కిందికి వస్తుందా?